సగం పోతే సగం వస్తే చాలదు



మొన్న సాయంత్రం మా వీధి పిన్నిగారు వచ్చి కూర్చున్నారు. కాఫీ చేతికిచ్చినా తాగలేదు. కాసేపాగి అసలు సంగతి చెప్పారు. "మీ బాబాయిగారి రిటైర్మెంటు డబ్బులో 2 లక్షలు ఒక కంపెనీ షేర్లలో పెట్టామే అమ్మాయ్. ఇప్పుడది లక్ష అయి కూర్చుంది. సగం పోయింది. మళ్ళీ సగం పెరిగితే మా డబ్బు మాకొచ్చేసినట్టే కదూ? ఈలోగా నా గాజులు బ్యాంకులో పెట్టి ఇంకో లక్ష పెడదామనుకుంటున్నా. ఆ నాలుగు నెలలూ చేతులకి మన చిలకలపూడి గాజులు వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

పిన్నిగారి లెక్క చాలామంది వేసే లెక్కే. అందుకే ఇవాళ దాని గురించి మాట్లాడదామనుకున్నాను.

వెయ్యి రూపాయల చీర ఉందనుకోండి. సగం ధర తగ్గించి 500కి పెట్టాడు కొట్టువాడు. మళ్ళీ పాత ధరకి తేవాలంటే ఎంత పెంచాలి? 500 పెంచాలి. తగ్గించినప్పుడు ఆ 500 వెయ్యిలో సగం. పెంచేటప్పుడు అదే 500 చేతిలో ఉన్న ఐదు వందలకి పూర్తిగా సమానం. అంటే తగ్గింది 50 శాతం, పెరగవలసింది 100 శాతం. రూపాయలు మారలేదు, వాటిని దేనితో పోలుస్తున్నామో అది మారింది. పోయేటప్పుడు పెద్ద మొత్తంలోంచి పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన చిన్న మొత్తమే కష్టపడి పెరగాలి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. నష్టం పెరిగినకొద్దీ తిరిగి రావలసిన లాభం అంతకంటే వేగంగా పెరుగుతుంది. నూటికి 10 పోతే 11 శాతం వస్తే చాలు, పెద్ద తేడా లేదు. 20 పోతే 25 శాతం కావాలి. 50 పోతే 100 శాతం. 75 పోతే 300 శాతం! దీన్నే కాలంలోకి మార్చి చూడండి. మిగిలిన డబ్బు ఏడాదికి 8 శాతం చొప్పున పెరుగుతుందనుకుందాం. 20 శాతం నష్టం పూడటానికి సుమారు మూడేళ్ళు పడుతుంది. సగం పోతే తొమ్మిదేళ్ళు. ముప్పాతిక పోతే పద్ధెనిమిదేళ్ళు. రిటైరైన మనిషికి మూడేళ్ళు వేరు, పద్ధెనిమిదేళ్ళు వేరు కదా.

"ఆఁ, అంత పడిపోతాయా ఎక్కడైనా?" అన్నారు పిన్నిగారు. మన తెలుగువాళ్ళు మరిచిపోలేని ఉదాహరణే ఉంది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు, లెక్కల్లో లేని డబ్బు చూపించామని ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. అంతకుముందు రోజు దాదాపు 179 రూపాయలున్న షేరు ఆ రోజు ముగిసేసరికి 40 దగ్గరికి వచ్చింది. ఒక్క రోజులో నూటికి 78 పోయింది. 40 మళ్ళీ 179 కావాలంటే సుమారు 350 శాతం పెరగాలి. తరవాత ఏప్రిల్లో టెక్ మహీంద్రా ఆ కంపెనీలో వాటా కొన్నప్పుడు ఇచ్చిన ధర కూడా షేరుకి 58 రూపాయలే.

సరే, ఒక కంపెనీలో మోసం జరిగింది, అన్నీ అలా ఉంటాయా అంటారేమో. అన్నింటినీ కలిపి చూద్దాం. బొంబాయి మార్కెట్ సెన్సెక్స్ 2008 జనవరిలో 20,870 దాకా వెళ్ళింది. 2009 మార్చిలో 8,160కి దిగింది. నూటికి 61 పోయింది. పైకి రావడానికి 156 శాతం పెరగాల్సి వచ్చింది. అదృష్టం బాగుండి 2010 నవంబరుకే పాత మెట్టు చేరింది. జపాను వాళ్ళ నిక్కీ 1989 డిసెంబరులో చేరిన మెట్టుకి మళ్ళీ రావడానికి 2024 ఫిబ్రవరి దాకా ఆగింది. ముప్ఫై నాలుగేళ్ళు!

ఇలా ఎక్కిన పైమెట్టు నుంచి ఎంత కిందికి దిగామన్నదాన్ని డ్రాడౌన్ అంటారు. ఇంతకంటే దిగనివ్వకూడదని ముందే పెట్టుకునే గీతే డ్రాడౌన్ పరిమితి. చాలా ఇళ్ళకి నూటికి 20 దగ్గర గీత గీసుకోవడం సబబు. ఎందుకంటే అక్కడిదాకా లోటు పూడ్చుకోవడం మన చేతుల్లో ఉంటుంది. ఆ తరవాత మెట్లు నిటారుగా ఉంటాయి.

కొలిచేటప్పుడు పైమెట్టు నుంచే కొలవాలి, మొదట పెట్టిన డబ్బు నుంచి కాదు. 5 లక్షలు 6 లక్షలయ్యాయనుకోండి. అప్పుడు గీత 4 లక్షల దగ్గర కాదు, 4 లక్షల 80 వేల దగ్గర. "ఇంకా లాభంలోనే ఉన్నాంలే" అనుకుంటూ వచ్చిందంతా జారవిడుచుకునేది ఇక్కడే. పాల లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ పెట్టుకుని, మూడు నెలలకోసారి పైమెట్టు, ఇవాళ్టి మొత్తం పక్కపక్కన రాసుకుంటే జారుడు కంటికి కనబడుతుంది.

గీత దాటితే అమ్మేస్తే సరి అనిపిస్తుంది. ఫలానా ధరకి దిగగానే అమ్మెయ్యమని ముందే చెప్పే ఏర్పాటూ ఉంది, స్టాప్ లాస్ అంటారు. కాని సత్యం షేరులా ధర కొండ మీంచి దొర్లినట్టు పడుతుంటే, మనం చెప్పిన ధరకి కొనేవాడు దొరకడు. మార్కెట్టంతా పడ్డప్పుడు అమ్మేసి కూర్చుంటే, అది లేచేటప్పుడు మనం బయట ఉంటాం. అందుకని గీతను బయటికొచ్చే గుమ్మంలో కాదు, లోపలికెళ్ళే గుమ్మంలోనే గియ్యాలి. అంటే పెట్టే మొత్తంలోనే.

పిన్నిగారి లెక్కే చేద్దాం. ఇంటి పొదుపు మొత్తం 5 లక్షలు. నూటికి 20 అంటే లక్ష రూపాయల నష్టం ఓర్చుకోగలరు. ఒక్క కంపెనీ అయితే పూర్తిగా పోవచ్చు, కాబట్టి దానిలో లక్షకి మించి పెట్టకూడదు. అదీ షేర్లలో ఆ ఒక్కటే ఉంటే. చాలా కంపెనీలు కలిపి కొంటే అన్నీ ఒకేసారి సున్నా కావు గాని, 2008లోలా నూటికి 60 పడవచ్చు. లక్షా 65 వేలు పెడితే, అందులో 60 శాతం పోయినా పోయేది లక్షకి లోపే. మిగతాది బ్యాంకు డిపాజిట్లో, పోస్టాఫీసులో ఉండాలి. పిన్నిగారు ఒకే కంపెనీలో 2 లక్షలు పెట్టారు. లక్ష పోయింది, గీత దగ్గరికి వచ్చేశారు.

ఇక గాజుల సంగతి. ఇంకో లక్ష అప్పు తెచ్చి పెడితే షేర్లు 2 లక్షలవుతాయి. అవి సగం పెరిగితే 3 లక్షలు. అప్పు లక్ష తీర్చేస్తే పాత 2 లక్షలూ చేతికొస్తాయి. వడ్డీ పక్కన పెడితే పిన్నిగారన్న "సగం పెరిగితే చాలు" నిజమే అనిపిస్తుంది. కాని ఇంకో సగం పడితే? 2 లక్షలు లక్ష అవుతుంది, ఆ లక్షా అప్పుకే సరిపోతుంది. మిగిలేది వడ్డీ కట్టవలసిన బాధ్యతే. అప్పు చెయ్యకుండా ఊరుకుంటే అదే పతనంలో 50 వేలు చేతిలో ఉండేవి, గాజులు చేతికి ఉండేవి. లోటు పూడ్చే దూరం తగ్గినట్టు కనబడింది గాని, గొయ్యి లోతు పెరిగింది.

పిన్నిగారు చల్లారిన కాఫీ అలాగే తాగేశారు. "అయితే ఈ లక్ష ఏం చెయ్యమంటావ్?" అన్నారు. "2 లక్షలున్న సంగతి మరిచిపోండి. ఇవాళ చేతిలో లక్ష నగదు ఉంటే ఇదే కంపెనీ కొంటారా?" అని అడిగాను. ఆలోచించి, "కొన్నా పాతికవేలకి మించి కొనను" అన్నారు. మర్నాడు బాబాయిగారు ముప్పాతిక షేర్లు అమ్మి, ఆ డబ్బు డిపాజిట్లో వేశారు. పోయిన లక్ష త్వరలో వస్తుందని నేను చెప్పలేదు. 5 లక్షలు 4 లక్షలయ్యాయి. ఈ 4 లక్షలకి 25 శాతం రావాలి, కొన్నేళ్ళు పడుతుంది. గాజులు మాత్రం ఆవిడ చేతికే ఉన్నాయి.