కాంటా ఎక్కే పంట

2021 చలికాలంలో తెలంగాణ పల్లెల్లో ఓ వింత జరిగింది. వడ్ల మద్దతు ధర అంతకు ముందు ఏడాది కంటే పెరిగింది. ఏ గ్రేడు ధాన్యానికి క్వింటాల్‌కు 1,888 ఉన్నది 1,960 రూపాయలైంది. చెరువుల్లో, బోర్లలో నీళ్లున్నాయి. కరెంటుకు బిల్లు లేదు. అయినా ఆ యాసంగిలో వరి సాగు అంతకు ముందు యాసంగితో పోలిస్తే దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. 52 లక్షల ఎకరాల దగ్గర ఉన్నది 36 లక్షలకు పడిపోయింది. మరుసటి యాసంగికి మళ్లీ 56 లక్షలు దాటింది.

ధర పెరిగితే ఆ పంట సాగు పెరగాలి కదా, ఇక్కడ తగ్గిందేమిటి? మద్దతు ధర పంటల తీరును ఎలా మారుస్తుందో తెలియాలంటే ఈ ఒక్క యాసంగిని జాగ్రత్తగా చూస్తే చాలు.

జరిగింది ఇది. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తాయి. ఆ వేడికి గింజ లోపల పగుళ్లు వస్తాయి. మరలో పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. అందుకే మిల్లర్లు వడ్లను ఉడకబెట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉప్పుడు బియ్యాన్ని మనం పెద్దగా తినం. కేరళ, తమిళనాడుల్లో తింటారు. ఆ రాష్ట్రాల్లోనూ సొంత పంట పెరిగి, గోదాముల్లో నిల్వలు పేరుకుపోయాక, ఇకమీదట ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం చెప్పింది. కేంద్రం కొననప్పుడు మేం కొనుగోలు కేంద్రాలు తెరవలేమని, యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్ర ప్రభుత్వం రైతులకు చెప్పింది. కాగితం మీద 1,960 రూపాయలు అలాగే ఉంది. ఆ ధర పెట్టే మనిషి మాత్రం లేడు. రైతులు నారుమళ్లు తగ్గించుకున్నారు. కొందరు మొక్కజొన్న, వేరుశనగ, పప్పులు వేశారు. కొన్ని మడులు బీడుగా మిగిలాయి. చివరికి 2022 ఏప్రిల్‌లో, పంట కోతకొచ్చాక, రాష్ట్రం మనసు మార్చుకుని మొత్తం కొంటామంది. ఆ మాట విన్న రైతు తర్వాతి యాసంగికి మళ్లీ నాట్లు వేశాడు.

రైతు విత్తేది ఈ రోజు ధరను చూసి కాదు, నాలుగు నెలల తర్వాత తన చేతికొస్తుందనుకున్న ధరను చూసి. ఆర్థికవేత్తలు దీన్ని ఆశించిన ధర అంటారు. అమెరికా ఆర్థికవేత్త మార్క్ నెర్లోవ్ 1950లలోనే, పంట విస్తీర్ణం ఈ ఆశించిన ధర వెంట నడుస్తుందని లెక్కకట్టి చూపాడు. కిందటి అనుభవాలన్నీ కలిపి రైతు మనసులో ఆ ధర కట్టుకుంటాడు. ప్రకటించిన మద్దతు ధర అందులో ఒక పాలు మాత్రమే. అసలు కొంటారా, ఎంత కొంటారు, డబ్బు ఎప్పుడొస్తుంది అన్నవి మిగతా పాళ్లు.

కేంద్రం ఏటా 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది. 1965లో పుట్టిన వ్యవసాయ ధరల కమిషన్ (ఇప్పుడు దాని పేరులో ఖర్చులు కూడా చేరాయి) సాగు ఖర్చులు లెక్కగట్టి సిఫారసు చేస్తుంది. విత్తనం, ఎరువు, కూలి, కౌలు లాంటి చేతి ఖర్చులకు ఇంటిల్లిపాది చేసిన కష్టం విలువ కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు తగ్గకుండా ధర ఉండాలన్నది 2018 నుంచి పద్ధతి. సొంత భూమికి వచ్చే కౌలు విలువ, సొంత స్థిర పెట్టుబడి మీద వడ్డీ ఇందులో లేవు. రైతు సంఘాలు స్వామినాథన్ కమిషన్ పేరు చెప్పి అడిగేది వాటిని కూడా కలపాలనే.

ఇక్కడో సంగతి చూడాలి. 2024–25లో సాధారణ రకం వడ్లకు ఖర్చు క్వింటాల్‌కు 1,533 అని తేల్చి 2,300 ధర ఇచ్చారు. అంటే ఖర్చు మీద సరిగ్గా సగం. అదే రబీ శనగలకు ఖర్చు 3,527 చూపి ధర 5,650 పెట్టారు. ఖర్చు మీద 60 శాతం. కాగితం మీద చూస్తే ప్రభుత్వం శనగ వైపే మొగ్గు చూపింది. పప్పులు పెరగాలన్న కోరిక ఆ అంకెల్లో కనిపిస్తూనే ఉంది. మరి రైతు శనగ వైపు ఎందుకు రాలేదు?

బోరు కింద ఒక ఎకరం తీసుకుని లెక్క వేద్దాం. అంకెలు ఊరికో తీరుగా ఉంటాయి, ఇవి వరుస తెలియడానికి నేను వేసుకున్నవి. ఎకరానికి 24 క్వింటాళ్ల వడ్లు పండాయనుకుందాం. ఏ గ్రేడు ధర 2,320 చొప్పున 55,680 రూపాయలు. దున్నకం, నాట్లు, మందులు, కోత మిషన్ అన్నీ కలిపి 32,000 ఖర్చయితే 23,700 దాకా మిగలాలి. అంత మిగలదు. 40 కిలోల సంచికి తాలు, తేమ పేరు చెప్పి రెండు కిలోలు అదనంగా తూకం వేస్తే, ఆ తరుగుకే ఎకరానికి 2,600 పైచిలుకు పోతుంది. చేతికి మిగిలేది 21,000.

ఇప్పుడు శనగ. ఎకరానికి 7 క్వింటాళ్లు, ఖర్చు 20,000 అనుకుందాం. మద్దతు ధర మొత్తం దక్కితే 39,550 వస్తుంది, మిగిలేది 19,500. వరికి దాదాపు సమానమే. కానీ మొత్తం పంటకు ఆ ధర దక్కదు. ధర పడిపోయినప్పుడు నాఫెడ్ లాంటి సంస్థలు శనగ కొనేది దిగుబడిలో నాలుగో వంతు వరకే అని నిబంధన. మిగతా మూడు వంతులు బయట అమ్ముకోవాలి. బయట 5,000 పలికితే, నాలుగో వంతు 5,650కి, మిగతాది 5,000కి పోతుంది. సగటు ధర 5,160 దగ్గర తేలుతుంది. మిగులు 16,000కు దిగుతుంది. పైగా అది సగటు మాత్రమే. కొనుగోలు కేంద్రంలో పేరు దొరికిన రైతుకు పూర్తి ధర, దొరకని రైతుకు వ్యాపారి చెప్పిన ధర. అప్పు తెచ్చి సాగు చేసేవాడికి ఈ తేడా చిన్నది కాదు. ఖాయంగా వచ్చే 21,000ను వదులుకుని, రావచ్చో రాకపోవచ్చో తెలియని 16,000 వెనక ఎందుకు వెళ్తాడు?

నిరుటి యాసంగిలో ఒక ఐకేపీ సెంటర్ దగ్గర వడ్ల కుప్ప పక్కన టార్పాలిన్ మీద కూర్చున్న పెద్దాయనను ఇదే అడిగాను. ఎనిమిది రోజులుగా అక్కడే పడుకుంటున్నాడు. తేమ 17 శాతానికి దిగాలి, సంచులు రావాలి, లారీ దొరకాలి. మబ్బు పట్టినప్పుడల్లా కుప్ప మీద పట్టా కప్పుతున్నాడు. మహిళా సంఘం అమ్మాయి తేమ మిషన్ తెచ్చి గుప్పెడు గింజలు పోసి చూసింది, 18.2. మళ్లీ నేర్పాలి. ఇంత తిప్పలెందుకు, వేరే పంట వేయొచ్చు కదా అంటే ఆయన నా వైపు వింతగా చూశాడు. “తిప్పలే సారూ. గని ఎనిమిది దినాలకో పది దినాలకో కాంటయితే అయితది. శనగలేస్తే ఏ కాంటా కాడికి కొంటబోవాలె? ఊర్లె ఎవలు కొంటరు?”

ఆయన అన్న కాంటానే అసలు సంగతి. వానాకాలం తెలంగాణలో ఎక్కువ నేలను ఆక్రమించేవి రెండు పంటలు, వరి, పత్తి. ప్రభుత్వ కాంటా ఊరి దగ్గరిదాకా వచ్చేది కూడా ఆ రెండింటికే. ఒకటి పౌరసరఫరాల సంస్థ, ఇంకొకటి సీసీఐ. పంజాబులో ఒకప్పుడు మొక్కజొన్న, పప్పులు పండిన నేలలు వరి, గోధుమలకు మళ్లిందీ ఇలాగే. అక్కడ మండీలు గట్టిగా ఉన్నాయి, ఆ రెండు పంటలకే ఉన్నాయి.

మద్దతు ధర ఒక్కదాని మీదే నెపం వేస్తే అన్యాయమవుతుంది. నీళ్లు లేకపోతే ఎంత ధర ఇచ్చినా వరి రాదు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి నుంచి వచ్చింది. చెరువుల పూడిక తీశారు, ఎత్తిపోతలు వచ్చాయి. ధర, కొనుగోలు, నీరు మూడూ ఒకచోట కలిశాక వరి ఉప్పొంగింది. ఈ మూడింటిలో రైతుకు ఖర్చు కనపడనిది నీరు. ఎకరం వరికి పెట్టే నీటితో మూడెకరాల ఆరుతడి పంట తీయొచ్చు. ఆ లెక్కన ఎకరం వరి నీళ్లు 21,000 ఇస్తే, అవే నీళ్లు మూడెకరాల శనగకు పెడితే 48,000 ఇస్తాయి. కానీ రెండెకరాల రైతుకు మూడో ఎకరం లేదు. మిగిల్చిన నీటికి, కరెంటుకు ఎవరూ ఆయనకు డబ్బివ్వరు. అందుకే ఆయన ఎకరానికి ఎంత అని చూస్తాడు, నీటి చుక్కకు ఎంత అని కాదు. భూగర్భ జలం అడుగంటితే నష్టం ఊరందరిదీ, లాభం మాత్రం ముందు తోడినవాడిది. ధరలో ఈ లెక్క ఎక్కడా కనపడదు.

ధరలో కనపడనిది ఇంకొకటుంది, తినేవాడి ఇష్టం. మామూలుగా బజారులో ఎవరూ కొనని సరుకు ధర పడుతుంది, రైతుకు అది హెచ్చరిక. మద్దతు ధర ఆ పడిపోవడాన్ని ఆపుతుంది. ఆపడానికే అది పుట్టింది, అది మంచిదే. కానీ దాంతోపాటు హెచ్చరిక కూడా ఆగిపోతుంది. ఉప్పుడు బియ్యానికి గిరాకీ తగ్గుతోందన్న కబురు గోదాముకు ముందు అందింది, రైతుకు ఏళ్ల తర్వాత, అదీ కొనుగోలు కేంద్రం మూస్తామన్న బెదిరింపుగా అందింది. నాకు కోపం వచ్చేది అక్కడే. ధరతోపాటు, ఏ రకం ఎంత కొంటారో విత్తనానికి ముందే చెప్పి ఉంటే 2021లో రైతు అంత గుండెదడ పడేవాడు కాదు.

అలా చెబితే ఏమవుతుందో తర్వాత తెలిసింది. 2024 వానాకాలంలో తెలంగాణ ప్రభుత్వం 33 సన్న రకాలకు మద్దతు ధర మీద క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. ఆ సీజనులోనే దొడ్డు రకాలు తగ్గి సన్నాలు బాగా పెరిగాయి. 2025 ఉగాదికి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. ధర మీటకు రైతు ఎంత త్వరగా కదులుతాడో ఇందులో కనిపిస్తుంది. ఎటు కదిలాడో కూడా చూడాలి. వరి నుంచి వరికే. అదే మడి, అదే నీళ్లు, అదే మిషన్, అదే కాంటా. విత్తనం సంచి మాత్రం మారింది.

వరి నుంచి పప్పుకు మారడానికి ఆ 500 లాంటిది ఒక్కటీ చాలదు. ఏళ్ల తరబడి దమ్ము చేసిన మడిలో అడుగున నేల గట్టిపడి ఉంటుంది, నీరు తొందరగా ఇంకదు. పక్క మడులన్నీ వరి అయితే వాటి ఊట నీరు శనగ చేనులోకి దిగి వేరు కుళ్లుతుంది. చుట్టూ వరి ఉండి మధ్యలో ఒక్క ఎకరం శనగో వేరుశనగో ఉంటే కోతులు, అడవి పందులు ఆ ఎకరం మీదే పడతాయి. ఒక్క రైతు మారితే నష్టపోతాడు. ఒక గుంపు మడులన్నీ కలిసి మారితే ఊట తగ్గుతుంది, కాపలా పంచుకోవచ్చు, వంద క్వింటాళ్లు ఒకచోట పోగైతే శనగ కొనే కాంటాను ఊరికే రప్పించవచ్చు.

ఆ పెద్దాయన వడ్లు పదకొండో రోజున కాంటా అయ్యాయి. తరుగు పోయింది, డబ్బు ఖాతాలో పడింది. ఈ యాసంగికి కూడా నారు పోశాడు. ఆయన మడికి పైనా కిందా ఉన్నవన్నీ వరి మడులే.