షుగర్ 70 కిందికి దిగితే

ఏకాదశి ఉపవాసం. అరవై ఏళ్లాయన పొద్దున్నే అలవాటు కొద్దీ గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని టిఫిన్ మానేశారనుకుందాం. తిండి పడినా పడకపోయినా ఆ మాత్ర ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. పదకొండు గంటలకల్లా చేతులు వణుకుతాయి, చల్లటి చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, విపరీతంగా ఆకలేస్తుంది. షుగర్ ఇంకా దిగితే మెదడుకు గ్లూకోజ్ చాలదు. మాట తడబడుతుంది, చూపు మసకబారుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది. ‘నాకేం కాలేదు’ అని ఆయనే విసుక్కోవచ్చు కూడా. అందుకే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టడం చాలా ముఖ్యం. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది.

గ్లూకోమీటర్‌లో 70 కన్నా తక్కువ కనిపిస్తే, లక్షణాలున్నా లేకున్నా చికిత్స మొదలుపెట్టాలి. 54 కన్నా తగ్గితే మరీ ప్రమాదం. మీటరు దగ్గర లేకపోతే లక్షణాలనే నమ్మి తీపి ఇవ్వాలి.

ఎంత ఇవ్వాలి? త్వరగా రక్తంలో కలిసే పిండిపదార్థం 15 గ్రాములు. అంటే మూడు టీ చెంచాల నిండుగా గ్లూకోజ్ పొడి లేదా పంచదార నీళ్లలో కలిపి ఇవ్వడం, లేదా అర కప్పు పండ్ల రసం. చాక్లెట్, నేతి లడ్డు ఇందుకు పనికిరావు. వాటిలోని కొవ్వు తీపిని త్వరగా ఒంటపట్టనివ్వదు. మన దగ్గర చాలామంది వోగ్లిబోస్ కలిసిన మాత్రలు వాడతారు. అది పంచదార అరగడాన్ని ఆలస్యం చేస్తుంది కనుక వాళ్లకు గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. ఈ సంగతి మాత్ర రాసినప్పుడే డాక్టరు చెప్పాలని నా అభిప్రాయం.

మన ఉదాహరణలో మొదటి రీడింగు 58. గ్లూకోజ్ తాగించి 15 నిమిషాలు ఆగాక చూస్తే 66. మళ్లీ 15 గ్రాములు ఇచ్చి, మరో 15 నిమిషాలకు చూస్తే 92. ప్రతిసారీ పరీక్షకు ముందు చెయ్యి కడగాలి. వేలికి గ్లూకోజ్ అంటుకుని ఉంటే రీడింగు లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. కంగారుపడి ఒకేసారి గుప్పెడు పంచదార పోస్తే గంట తర్వాత షుగర్ బాగా పెరిగిపోతుంది.

70 దాటాక ఇడ్లీయో, కాస్త అన్నమో తినాలి. ఉపవాసం ఆ రోజుకు విరమించాల్సిందే. గ్లిమెపిరైడ్ ప్రభావం చాలా గంటలుంటుంది కనుక షుగర్ మళ్లీ పడిపోవచ్చు, కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్లలో మరీనూ. రాత్రిదాకా అప్పుడప్పుడు పరీక్షిస్తూ, అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి.

మనిషి స్పృహ తప్పినా, మింగలేకపోతున్నా నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో గ్లూకగాన్ ఉండి, ఇవ్వడం తెలిసినవాళ్లుంటే ఇవ్వవచ్చు. లేకపోతే ఆస్పత్రిలో నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తారు.