ఉంగరం చెప్పేది అయిపోయిన సంగతి

నెలసరి తేదీలు మాత్రమే అడిగే యాప్ చేసేది చిన్న తీసివేతే. మీ సగటు 28 రోజులైతే 14 తీసేసి, అండం 14వ రోజున విడుదలవుతుందంటుంది. 9 నుంచి 14 దాకా రంగు పూస్తుంది. ఈ నెల ఒంట్లో బాగోక విడుదల 20వ రోజుకు జరిగిందనుకోండి. గర్భం నిలిచే రోజులు 15 నుంచి 20. ఒక్కటీ కలవదు!

వేలి ఉంగరం నిద్రలో చర్మం వేడిని కొలుస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వల్ల వేడి సుమారు 0.3 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అది మూడు రోజులు నిలిస్తేగానీ నమ్మలేం. అప్పటికి అండం ఆయుష్షు తీరిపోతుంది. పైగా జ్వరం, మద్యం, నైట్ డ్యూటీ కూడా ఆ గీతను చెదరగొడతాయి. ముందుగా తెలియాలంటే మూత్రంతో చేసే ఎల్‌హెచ్ పరీక్ష మేలు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో అదీ తప్పుగా పాజిటివ్ చూపొచ్చు.