లక్షమంది ఏ ఊరివారు?

శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలమ్మే నా పూర్వ విద్యార్థి మొన్న వచ్చి, "సార్, ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షమంది ఫాలోయర్లున్న ఒకామె రీలుకు 20,000 అడుగుతోంది. ఇవ్వచ్చునా?" అన్నాడు.

ఆమె రీళ్ళు పది చూశాం. చూసినవారు సుమారు 5,000, లైకులు 4,000! అయిదుగురు చూస్తే నలుగురు మెచ్చడం ఎక్కడైనా ఉందా? వ్యాఖ్యలన్నీ "సూపర్", పూలబొమ్మలు. ధర అడిగినవారు ఒక్కరూ లేరు.

అయితే ఇది అనుమానమే, రుజువు కాదు. దొంగ ఫాలోయర్లను ఆమెకు తెలియకుండా ఇతరులూ అంటగట్టవచ్చు. అందుకే, "ఫోనులో ఇన్‌సైట్స్ తెరిచి, ఫాలోయర్లు ఏ ఊళ్ళవారో చూపమనండి. ఫొటో పంపితే ఒప్పుకోకండి, దాన్ని దిద్దవచ్చు" అన్నాను.

ఎదుట తెరిచాక చూస్తే తిరుపతి లేదు, చెన్నై లేదు. ఉన్నవన్నీ చీర కట్టని దేశాల పట్టణాలే. మావాడి డబ్బు మిగిలింది.