ఖాళీ గళ్లలో ఫైనల్ లెక్క

2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ నాకౌట్ పట్టికను డిసెంబర్ 10 ఉదయం స్క్రీన్‌షాట్ తీసి ఉంటే, అందులో రెండు క్వార్టర్ ఫైనల్స్ ఫలితాలు ఖాళీగానే ఉంటాయి. అయినా మిగతా దారులు లెక్కగట్టొచ్చు.

అర్జెంటీనా, నెదర్లాండ్స్ మధ్య స్కోరు 2-2. తికమకపడకుండా తర్వాతి గడిలో ఎవరి పేరుందో చూడాలి. పెనాల్టీల్లో నెగ్గిన అర్జెంటీనా అక్కడుంది, ఎదురుగా క్రొయేషియా. ఈ రెండూ సెమీస్‌లోనే ఢీకొంటాయి కాబట్టి ఫైనల్లో తలపడే వీల్లేదు.

అవతలి సగంలో మొరాకో, పోర్చుగల్, ఇంగ్లండ్, ఫ్రాన్స్. ఇటు 2, అటు 4 జట్లు. ఫైనల్‌కు 8 జోడీలు సాధ్యం.

మిగిలిన మ్యాచ్‌లెన్నో తెలియాలంటే గళ్లు లెక్కపెట్టక్కర్లేదు. ఒక్కో మ్యాచ్ ఒక జట్టును టైటిల్ వేట నుంచి తప్పిస్తుంది. 6 జట్లలో ఒక్కటే మిగలాలంటే 5 మ్యాచ్‌లు కావాలి. మూడో స్థానం పోరు ఎవరినీ తప్పించదు గనుక దాన్ని విడిగా కలపాలి. మొత్తం 6.