ఫెయిలైంది సరే, డబ్బులేమయ్యాయి?

1986 మార్చి 21. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్ పట్టణం, అక్కడో క్యాన్సర్ ఆసుపత్రి. రోగికి రేడియేషన్ ఇచ్చే థెరాక్-25 యంత్రాన్ని ఆపరేటర్ పక్క గదిలో కూర్చుని కంప్యూటర్ మీద నడుపుతున్నారు. చికిత్స మొదలైన వెంటనే యంత్రం ఆగిపోయింది. తెర మీద `MALFUNCTION 54` అని వచ్చింది. ఇవ్వాల్సిన మోతాదులో చాలా కొద్ది భాగమే అందినట్టు పక్కన అంకెలు కనిపిస్తున్నాయి. ఆ యంత్రం ఏదో ఒక నంబరు చూపించి ఆగడం ఆమెకు కొత్తేమీ కాదు. కొనసాగించడానికి ఉన్న P మీట నొక్కారు.

అందింది తక్కువ కాదు. 180 రాడ్ల రేడియేషన్ అందాల్సిన చోట 16,500 నుంచి 25,000 రాడ్ల దాకా తగిలి ఉంటుందని తర్వాత లెక్కగట్టారు. ఆ రోగి ఐదు నెలలకు చనిపోయారు.

అసలు లోపం సాఫ్ట్‌వేర్ లోపల ఉంది. దాన్ని సందేశం పుట్టించలేదు. కానీ ఏదో తేడా జరిగిందని యంత్రం పసిగట్టిన ఆ క్షణంలో ఆపరేటర్ చేతికి అందిందల్లా ఒక నంబరే. 54 అంటే ఏమిటో ఆపరేటర్ మాన్యువల్‌లో లేదు. మోతాదు మరీ ఎక్కువైందనో, మరీ తక్కువైందనో దాని అర్థమని తయారీ సంస్థ వాళ్లు తర్వాత చెప్పారు. పూర్తిగా ఎదురెదురుగా ఉన్న రెండు సంగతులకు ఒకటే నంబరు! ప్రమాదాల తర్వాత అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుబట్టగా చేసిన మార్పుల్లో, నంబర్ల స్థానంలో అర్థమయ్యే మాటలు పెట్టడం ఒకటి. మోతాదు కొలతలో తేడా వచ్చి యంత్రం ఆగితే, ఒక్క మీట నొక్కి మళ్లీ నడిపే వీలు తీసేయడం మరొకటి. ఏం జరిగిందో చెప్పడం, తర్వాత చేయాల్సిందేదో తేల్చడం అనే రెండు పనులూ అక్కడ కలిసే సాగాయి.

ఫోన్‌లో డబ్బులు పంపేటప్పుడు వచ్చే సందేశం ఎవరి ప్రాణాలూ తీయదు. కానీ చిక్కు మాత్రం అలాంటిదే. కిరాణా కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, పిన్ కొట్టి ఎదురుచూస్తుంటే తెర మీద ‘ఏదో పొరపాటు జరిగింది. దయచేసి మళ్లీ ప్రయత్నించండి’ అని వస్తుంది. కొట్టు యజమాని తనకు పడలేదంటాడు. కొన్నవాళ్లకు కావాల్సినవి రెండే సమాధానాలు: తమ ఖాతాలోంచి డబ్బులు కట్టయ్యాయా లేదా, ఇప్పుడు మళ్లీ పంపవచ్చా కూడదా. ఆ వాక్యంలో మొదటి ప్రశ్నకు జవాబే లేదు. రెండోదానికి ఉన్న జవాబు ఒక్కోసారి తప్పు.

ఎందుకు తప్పో తెలియాలంటే డబ్బు నడిచే దారి చూడాలి. ఫోన్‌లోని యాప్ నుంచి బయల్దేరిన కోరిక, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వ్యవస్థకు చేరుతుంది. అది పంపేవారి బ్యాంకును అడుగుతుంది. ఆ బ్యాంకు పిన్ సరిచూసి, నిల్వ చూసి, డబ్బు తీస్తుంది. తర్వాత అందుకునేవారి బ్యాంకులో జమ చేయమన్న మాట వెళుతుంది. అక్కడి నుంచి ‘జమైంది’ అన్న కబురు అదే దారిలో వెనక్కి రావాలి. ఈ గొలుసులో ఏ లంకె దగ్గరైనా పని ఆగవచ్చు. డబ్బు తీయకముందే ఆగితే నష్టం లేదు. తీశాక, జమ కబురు రాకముందు ఆగితేనే తంటా.

ఇన్ని రకాల ఆగిపోవడాలకూ ఒకే వాక్యం ఎందుకు వస్తుందంటే, ప్రోగ్రామ్ రాసినవాళ్లు వాటన్నిటినీ ఒకే గంపలో వేశారు కాబట్టి. కోడ్‌లో అది ఇంచుమించు ఇలా ఉంటుంది:

```
try:
    send_money()
except Exception:
    show("Something went wrong. Please try again.")
```

డబ్బు పంపడానికి ప్రయత్నించు, ఏ ఇబ్బంది వచ్చినా సరే ఈ ఒక్క వాక్యమే చూపించు అని దీని భావం. తప్పుడు పిన్, చాలని నిల్వ, పనిచేయని సర్వర్, రాని జవాబు అన్నీ ఇక్కడికొచ్చి కలిసిపోతాయి. అందుకే భాష బాగా తెలిసిన మనిషిని పిలిచి ఈ వాక్యాన్ని తిరగరాయమంటే పని జరగదు. ‘అయ్యో, ఏదో తేడా కొట్టింది!’ అని చనువుగా రాసినా, ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని మర్యాదగా రాసినా కొత్త సమాచారం ఏమీ చేరదు. ముందు గంపలోవి బయటికి తీసి వేరు చేయాలి. ఆ తర్వాతే మాటలు.

వేరు చేయడానికి కావాల్సిన సరుకు కొంతవరకు అందుబాటులోనే ఉంటుంది. యూపీఐలో ప్రతి విఫలమైన చెల్లింపుకూ ఒక కోడ్ వస్తుంది. `ZM` అంటే పిన్ తప్పు. `Z9` అంటే ఖాతాలో సరిపడా డబ్బు లేదు. ఈ రెండింటిలోనూ డబ్బు కదలలేదు. కానీ మనిషి తర్వాత చేయాల్సిన పని మాత్రం వేరు. మొదటిదానికి రాయాల్సింది ఇదీ: ‘డబ్బులు కట్ కాలేదు. యూపీఐ పిన్ సరిపోలేదు. పిన్ మళ్లీ కొట్టండి.’ పక్కన ‘పిన్ మర్చిపోయాను’ అనే బటన్ కూడా ఉండాలి. ఎందుకంటే పిన్ గుర్తులేనివాళ్లు ఊహించి ఊహించి కొడుతూ పోతే బ్యాంకు కాసేపు తలుపు మూసేస్తుంది. రెండోదానికి: ‘డబ్బులు కట్ కాలేదు. ఈ ఖాతాలో 500 రూపాయలు లేవు. వేరే ఖాతా నుంచి పంపండి.’ ఇక్కడ ‘మళ్లీ ప్రయత్నించండి’ అనడం అర్థంలేని సలహా. నిల్వ దానంతట అది పెరగదు కదా.

బ్యాంకు సర్వర్ పనిచేయనప్పుడు పేచీ ఇంకో రకం. తప్పు మనిషిది కాదు, అతను చేయగలిగింది కూడా ఏమీ లేదు. ‘డబ్బులు కట్ కాలేదు. మీ బ్యాంకు సర్వర్ ఇప్పుడు పనిచేయడం లేదు. కాసేపాగి పంపండి, లేదా వేరే బ్యాంకు ఖాతా ఎంచుకోండి’ అంటే, కొట్టు ముందు నిలబడ్డ మనిషి జేబులో చిల్లర వెతుక్కోవాలో ఆగాలో తేల్చుకోగలడు.

అన్నిటికంటే కష్టం జవాబు రాని సందర్భంలో. బ్యాంకు డబ్బు తీసిందో లేదో, తీస్తే అవతల జమైందో లేదో యాప్‌కే తెలియదు. దీన్ని ‘ఫెయిల్’ అని రాస్తే అబద్ధమయ్యే అవకాశం ఉంది. ఆ మాట నమ్మి మళ్లీ పంపితే ఐదువందలు పోవాల్సిన చోట వెయ్యి పోతాయి. ‘తెలియదు’ అన్న సంగతిని కూడా ఒక ఫలితంగానే లెక్కగట్టి, తెలియదనే చెప్పాలి: ‘చెల్లింపు ఇంకా తేలలేదు. ఇప్పుడే మళ్లీ పంపకండి, రెండుసార్లు కట్టవచ్చు. తేలగానే మీకు చెబుతాం.’ కింద 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు. ఈ తెర మీద మళ్లీ పంపే బటన్ అసలు ఉండకూడదు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను మళ్లీ కబురంపాలన్నా, మొదటిసారి వాడిన లావాదేవీ నంబరుతోనే అడగాలి. అప్పుడు అవతలి వ్యవస్థ దాన్ని రెండో చెల్లింపుగా కాక పాత సంగతి మీద వాకబుగానే తీసుకోగలదు.

ఎంతకాలం ఆగాలన్నది కూడా సందేశంలో చెప్పవచ్చు. దానికి ఆధారం ఉంది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఒకరు మరొకరికి యూపీఐలో పంపిన డబ్బు ఖాతాలో కట్టయి అవతల జమ కాకపోతే లావాదేవీ మర్నాటికల్లా తిరిగి రావాలి. దుకాణాలకు కట్టిన డబ్బు విషయంలో గడువు ఐదు రోజులు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ‘త్వరలో మీ డబ్బు తిరిగి వస్తుంది’ అన్న వాక్యంలోని ‘త్వరలో’ తీసేసి తేదీ రాస్తే సందేశానికి బరువొస్తుంది. ఫిర్యాదు ఎప్పుడు చేయాలో కూడా తెలుస్తుంది.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునో కాదో తేలేది కూడా అక్కడే. ఫోన్ నోటిఫికేషన్‌లో పొడవైన వాక్యం సగంలో తెగిపోతే ‘మీ పొదుపు ఖాతా నుంచి 500 రూపాయలు కట్...’ అని ఆగుతుంది. ‘అయ్యాయి’ అనా, ‘కాలేదు’ అనా? అందుకే పై సందేశాల్లో డబ్బు సంగతి మొట్టమొదట, రెండు మూడు మాటల సొంత వాక్యంగా ఉంది. కారణం రెండో వాక్యం, చేయాల్సింది మూడోది. తెర ఎక్కడ తెగినా ముఖ్యమైనది మిగులుతుంది.

కోడ్ నంబరును పూర్తిగా తీసేయడం కూడా తప్పే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్లకు అదే ఆనవాలు. థెరాక్ తెర మీద 54 ఉండటం దోషం కాదు, 54 మాత్రమే ఉండటం దోషం. చిన్న అక్షరాల్లో కింద, కాపీ చేసుకునే వీలుతో ఉంటే చాలు.

ఉన్నదున్నట్టు చెప్పకూడని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. లాగిన్ తెర మీద ‘ఈ నంబరుతో ఖాతా ఉంది కానీ పాస్‌వర్డ్ తప్పు’ అని చెబితే, ఎవరెవరికి ఖాతాలున్నాయో దొంగకు జాబితా తయారు చేసిచ్చినట్టే. అక్కడ ‘నంబరు గానీ పాస్‌వర్డ్ గానీ సరిపోలేదు’ అని కావాలనే ముసుగేసి చెబుతారు. అయినా తర్వాతి అడుగు చూపించడానికి అడ్డేమీ లేదు. పాస్‌వర్డ్ మార్చుకునే దారి పక్కనే పెట్టవచ్చు.

తిరగరాసిన సందేశం పనిచేస్తుందో లేదో చూసే పద్ధతి కూడా కష్టమైంది కాదు. ఆ యాప్ తయారీతో సంబంధం లేని మనిషికి ఆ తెర చూపించి, ‘డబ్బు ఎక్కడుంది? ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడగాలి. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగకూడదు. మొహమాటానికి చాలామంది అర్థమైందనే అంటారు. విడుదలయ్యాక చూడాల్సినవి వేరు: జవాబు తేలకముందే అదే దుకాణానికి, అదే మొత్తం రెండోసారి పంపినవాళ్లు తగ్గారా? తప్పు పిన్ తర్వాత ‘మర్చిపోయాను’ బటన్ నొక్కినవాళ్లు పెరిగారా?

ఇంత చేసినా యాప్ రాసేవాళ్లు దాటలేని గట్టు ఒకటుంటుంది. `U30` అనే కోడ్‌కు అర్థం ఖాతాలోంచి డబ్బు తీయడం విఫలమైందని. ఎందుకు విఫలమైందో ఆ కోడ్ ఒక్కటే వస్తే యాప్‌కు తెలియదు. బ్యాంకు లోపలి కారణం అక్కడే ఉండిపోయింది. అప్పుడు ‘నెట్‌వర్క్ సమస్య’ అని ఊహించి రాస్తే, మనిషి సిగ్నల్ కోసం వీధిలోకి వెళ్తాడు, ఫోన్ ఆపి పెడతాడు, ఫలితం ఉండదు. అక్కడ రాయగలిగింది ఇంతే: ‘మీ బ్యాంకు ఈ చెల్లింపును ఆపింది. కారణం మాకు చెప్పలేదు. ఈ నంబరు చూపించి మీ బ్యాంకును అడగండి.’ ఇంతకంటే మంచి సందేశం కావాలంటే యాప్‌లోని వాక్యాన్ని మార్చి లాభం లేదు, బ్యాంకు పంపే జవాబు మారాలి.