వంకర కొటేషన్లు చెప్పే ఆనవాలు

కీబోర్డు మీద కొటేషన్ మీట నొక్కితే వచ్చేది నిటారు గుర్తు ("), యూనికోడ్‌లో U+0022. వర్డ్‌లో మాత్రం ఆటోకరెక్ట్ దాన్ని వంచేసి మొదట “ (U+201C), చివర ” (U+201D) పెడుతుంది. ఈ ఆదేశం చూడండి:

```
echo “రామ”
```

నిటారు గుర్తులైతే టెర్మినల్ రామ అని మాత్రమే చూపిస్తుంది. ఇక్కడ వంకర గుర్తులు కూడా కనిపిస్తాయి. వర్డ్ లాంటి చోట రాసి తెచ్చి అతికించారేమోనని అనుమానించవచ్చు. మామూలు ఖాళీ స్థానంలో U+00A0 కూడా ఉంటే అనుమానం బలపడుతుంది.

ఇది రుజువు మాత్రం కాదు. ఐఫోన్ కీబోర్డు కూడా గుర్తులను వంచుతుంది, వెబ్ పేజీల నుంచి కూడా U+00A0 వస్తుంది. తెలుగువాళ్లు మరీ జాగ్రత్తపడాలి. ‘సాఫ్ట్‌వేర్’లో వకారం ఒత్తుగా మారకుండా ఆపేది U+200C అనే కనిపించని అక్షరం. అది రాతకు కావలసిందే. చెత్త అనుకుని ఏరేస్తే మాట ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది.